రోజ్‌హిప్ రేటింగ్ 1 కదా, మరి నా నుదుటి మీద ఈ పొక్కులేంటి?

స్రవంతి_కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు. ఆఫీసు రాయదుర్గంలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏసీలోనే. ఆగస్టులో ఇల్లు మారాం, ఇక్కడంతా బోరు నీళ్లే. బకెట్‌కి తెల్లటి చారలు కడుతున్నాయి. నవంబర్ చలి మొదలయ్యేసరికి బుగ్గలు బిగుసుకుపోయి, నవ్వితే చర్మం చిట్లుతుందేమో అన్నట్టు ఉండేది. ముక్కు పక్కన పొట్టు కూడా రాలుతోంది. డ్రై స్కిన్‌కి ఫేస్ ఆయిల్ మంచిదని నాలుగైదు వీడియోలు చూసి రోజ్‌హిప్ ఆయిల్ కొన్నాను. కామెడోజెనిక్ రేటింగ్ 1 మాత్రమే, అంటే రంధ్రాలు మూసుకుపోవు అన్నారు.

మూడు వారాలైంది. రాత్రి ముఖం కడిగి, తుడుచుకుని, ఆరేడు చుక్కలు రాస్తున్నా. పొద్దున సన్‌స్క్రీన్ ముందు మళ్లీ మూడు చుక్కలు. బుగ్గలు పైకి నున్నగా ఉన్నాయి కానీ లోపల బిగుతు పోలేదు. నుదుటి మీద మాత్రం ఆవగింజలంత పొక్కులు, అన్నీ ఒకే సైజు, దురద కూడా. ముక్కు పక్కన పొట్టు తగ్గకపోగా ఎక్కువైంది.

ఇప్పుడు జొజోబాకి మారదామంటే దాని రేటింగ్ 2 అని ఉంది. 1తోనే ఇలా అయితే 2తో ఇంకేమవుతుందో అని టెన్షన్. ఏది వాడమంటారు?

నంబర్ల_నాగు
నా దగ్గర షీట్ ఉంది, నలభై నూనెల రేటింగులు రాసి పెట్టుకున్నా. సున్నా అంటే అసలు మూయదు, 5 అంటే గ్యారంటీగా మూస్తుంది. కొబ్బరి నూనె 4, కాబట్టి ముఖానికి ఆమడ దూరంలో ఉంచాలి. రోజ్‌హిప్ 1, ఎవరికైనా సేఫ్. మీకొచ్చినవి పర్జింగ్ పొక్కులు అయ్యుంటాయి, లోపలి మురికి బయటికి వస్తోంది. ఇంకో నెల ఆగండి. జొజోబా మాత్రం వద్దు, నంబరే చెబుతోంది కదా.

పద్మ_తార్నాక
అమ్మా స్రవంతీ, ఈ పేర్లన్నీ నాకు తెలియవు గానీ మా ఇంట్లో ఆదివారం తలంటు అంటే ముఖానికి కూడా నువ్వుల నూనే. పావుగంట ఆగి సున్నిపిండితో నలుగు పెట్టేవాళ్లం. 62 ఏళ్లు నాకు, ఒక్క మొటిమ రాలేదు. మీరు నూనె రాసి రాత్రంతా అలాగే పడుకుంటున్నారు, అదే తప్పు. నూనె రాసేది కడిగేయడానికే.

చార్మినార్_చాయ్
రోజ్ ఆయిల్ కోసం వేలు పోయక్కర్లేదక్కా. పత్తర్‌గట్టీలో అత్తరు దుకాణాల్లో చిన్న సీసా తక్కువలో దొరుకుతుంది. నేనూ మొన్న తెచ్చి ముఖానికి రాశా. కొంచెం మంటగా ఉంది, చర్మం మీద పని చేస్తోందనుకుంటా. వాసన మాత్రం అదుర్స్.

జీడిమెట్ల_ల్యాబ్
చాయ్ తమ్ముడూ, ముందు నువ్వు వెళ్లి ముఖం కడుక్కో. నువ్వు తెచ్చింది గులాబీ అత్తరు, సువాసన కోసం. బట్టలకీ మణికట్టుకీ చుక్క పెట్టుకునేది. రోజ్‌హిప్ అంటే గులాబీ పువ్వు కాదు. అడవి గులాబీ చెట్టుకి రేకులు రాలాక ఎర్రగా చిన్న కాయ కాస్తుంది, ఆ కాయలోని గింజల నుంచి తీసే నూనె. దానికి గులాబీ వాసనే ఉండదు. ఘుమఘుమలాడే రోజ్‌హిప్ ఎవరైనా అమ్మితే అందులో సెంటు కలిపారనుకో. మంట అంటే పని చేయడం కాదు, చర్మం ఒప్పుకోవట్లేదని.

స్రవంతి గారూ, నేను కాస్మెటిక్స్ తయారీలో పదకొండేళ్లుగా ఉన్నాను. డాక్టర్ని కాను. సలహా ఇచ్చే ముందు నాలుగు విషయాలు అడుగుతాను.
తలలో చుండ్రు ఉందా? పొట్టు ముక్కు పక్క మడతల్లోనే ఉందా, కనుబొమ్మల్లో కూడా ఉందా? పొట్టు తెల్లగా పొడిగా ఉందా, పసుపుగా కాస్త జిడ్డుగా ఉందా? ఇక ఆ సీసా మూత తీసి వాసన చూడండి, ఎలా ఉంది?

స్రవంతి_కూకట్‌పల్లి
చుండ్రు చిన్నప్పటి నుంచీ ఉంది, చలికాలం ఎక్కువ. కనుబొమ్మల్లో ఉందా అని ఇప్పుడే అద్దంలో చూశా, ఉంది! పొట్టు లేత పసుపే, గోటితో తీస్తే మెత్తగా వస్తోంది. సీసా వాసన మొదట మట్టి వాసనలా ఉండేది. ఇప్పుడు, ఎలా చెప్పాలి, కొత్తగా రంగేసిన తలుపు దగ్గర వచ్చే వాసన. సీసా బాత్‌రూమ్ కిటికీ దగ్గర పెడతాను, గీజర్ పక్కన.

జీడిమెట్ల_ల్యాబ్
అయితే మీవి ఒక సమస్య కాదు, మూడు. ఒక్కొక్కటిగా చెబుతా.

మొదటిది, ముక్కు పక్కనా కనుబొమ్మల్లోనూ పసుపు పొట్టు, దానికి తోడు పాత చుండ్రు. ఇది పొడిబారడంలా కనిపిస్తుంది కానీ చాలాసార్లు చుండ్రే ముఖం మీదికి దిగినట్టు. డాక్టర్లు సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. మన అందరి చర్మం మీదా మలాసీజియా అనే ఫంగస్ ఉంటుంది, మామూలుగా ఏ గొడవా చేయదు. దానికి కావలసిన కొవ్వు ఆమ్లాలు అది సొంతంగా తయారు చేసుకోలేదు, మన జిడ్డు మీదే బతుకుతుంది. ల్యాబుల్లో దాన్ని పెంచాలంటే ప్లేటు మీద ఆలివ్ నూనె పోసేవాళ్లు. మీరు రాత్రీ పగలూ కలిపి పది చుక్కలు పోస్తున్నారు. దురదతో ఒకే సైజులో వచ్చిన నుదుటి పొక్కుల మీద కూడా నాకు అదే అనుమానం. మామూలు మొటిమలు ఇలా ఒకే అచ్చులో పోసినట్టు రావు, బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, పెద్దవి, చిన్నవి కలగాపులగంగా ఉంటాయి. కానీ ఇది ఫోటో చూసి తేల్చేది కాదు, స్కిన్ డాక్టర్ చూడాలి. నూనె ఈ రోజే ఆపేయండి.

రెండోది, ఆ రంగు డబ్బా వాసన. రోజ్‌హిప్‌లో లినోలిక్, లినోలెనిక్ ఆమ్లాలు చాలా ఎక్కువ, రెండూ కలిపితే నూనెలో మూడొంతులకు దగ్గరగా ఉంటాయి. అవి గాలి, వెలుతురు, వేడి తగిలితే తొందరగా పాడవుతాయి. అవిసె నూనెని పెయింట్లలో ఎందుకు వాడేవారో ఆలోచించండి, అదే జాతి ఆమ్లాలు, గాలికి గట్టిపడతాయి. పాడైన నూనె రాస్తే చర్మం మండుతుంది, రంధ్రాల్లో కూడా చికాకు పెడుతుంది. గీజర్ పక్కన పెట్టారంటే పాపం దానిదేం తప్పు లేదు. ముదురు రంగు సీసా, ఫ్రిజ్, తెరిచాక ఆరు నెలల్లోపు ముగించడం, ఇవి మా దగ్గర మేం పాటించేవి. జొజోబాకి ఈ బాధ దాదాపు లేదు. అది అసలు నూనే కాదు, ద్రవ రూపంలో ఉండే మైనం. ఏడాది ఉన్నా పెద్దగా మారదు. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది, భయపడకండి, బయట పెడితే కరిగిపోతుంది.

మూడోది బుగ్గల బిగుతు. దాని గురించి రేపు రాస్తా, షిఫ్ట్ టైమ్ అయింది.

నంబర్ల_నాగు
మరి రేటింగ్ 1 అని ఉన్నదాని సంగతేంటి? నా షీట్ తప్పంటారా?

జీడిమెట్ల_ల్యాబ్
షీట్ తప్పు కాదు నాగు గారూ, దాన్ని దేనికి వాడుతున్నామన్నదే తేడా. ఈ నంబర్లకి మూలం కుందేలు చెవి. 1972లో క్లిగ్‌మన్, మిల్స్ అనే ఇద్దరు కాస్మెటిక్స్ వల్ల వచ్చే మొటిమల గురించి రాసినప్పుడు కుందేలు చెవి లోపలి వైపున పదార్థాలు రాసి చూసిన ఫలితాలు ఇచ్చారు. 1989లో ఫుల్టన్ అనే ఆయన చాలా పదార్థాలకి 0 నుంచి 5 దాకా మార్కులిచ్చి ఒక పట్టిక వేశారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాల్లో చాలా వాటికి అది తాత లాంటిది. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు కలిపారు. అందుకే జొజోబాకి ఒకచోట 2, ఇంకోచోట 0 కనిపిస్తుంది.

కుందేలు చెవి మన ముఖం కంటే చాలా సున్నితం, చిన్నదానికే అక్కడ రంధ్రాలు మూసుకుంటాయి. కాబట్టి అక్కడ సున్నా వచ్చినది మన దగ్గర కూడా చాలావరకు మూయదు అనుకోవచ్చు. అక్కడ 3 వచ్చింది కాబట్టి మన దగ్గరా మూస్తుందని మాత్రం చెప్పలేం. 2006లో డ్రేలోస్, డినార్డో మనుషుల మీద చూసి, కామెడోజెనిక్ అని పేరుపడ్డ పదార్థాలు ఉన్న క్రీములన్నీ మొటిమలు తెప్పించవని రాశారు. ఎంత శాతం కలిపారు, దేనితో కలిపారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఇక ఇంకో మాట, మీ షీట్‌లో ఉన్న నంబరు రంధ్రాల గురించే. ఫంగస్ గురించి గానీ, నూనె పాడైందా లేదా అన్నదాని గురించి గానీ అది ఒక్క ముక్క చెప్పదు. స్రవంతి గారికి వచ్చిన బాధ రెండూ ఆ నంబరు కొలవనివే.

పర్జింగ్ మాటకొస్తే, అది రెటినాయిడ్ల లాంటి మందులు చర్మం కణాల వేగం పెంచినప్పుడు జరిగేది. మామూలు నూనె అలాంటి పని చేయదు. నెల ఆగమనడం మంచి సలహా కాదు.

నంబర్ల_నాగు
రోజ్‌హిప్‌లో సహజ రెటినాయిడ్ ఉంటుందని చదివానే? అప్పుడు పర్జింగ్ ఎందుకు కాదు?

జీడిమెట్ల_ల్యాబ్
ఉందని చెప్పేది అతి స్వల్ప మోతాదు. డాక్టర్ రాసే ట్యూబుతో పోల్చడం సాంబారులో ఇంగువ చూసి అదే కూర అన్నట్టు ఉంటుంది.

పద్మ_తార్నాక
ఆ సామెత ఎక్కడా వినలేదు నాయనా, నువ్వే కట్టినట్టున్నావు. మరి నా నువ్వుల నూనె సంగతి ఎవరూ చెప్పలేదు.

జీడిమెట్ల_ల్యాబ్
కట్టిందే పిన్నిగారూ. మీరు చెప్పిన దాంట్లో అసలు విషయం ఒకటుంది, మీరు కడిగేసేవారు. పావుగంట ఉండి పిండితో పోయేదానికీ, ఎనిమిది గంటలు దిండుకి అంటుకుని ఉండేదానికీ చాలా తేడా. పైగా మీ చర్మానికి పడింది. మీ పక్కింటావిడకి పడాలని లేదు.

ఫైజా_మెడికల్స్
మెహదీపట్నంలో మెడికల్ షాపు మాది. నేను గమనించింది చెప్తాను. "ముఖం డ్రైగా ఉంది, మండుతోంది, ఏ ఆయిల్ మంచిది" అని వచ్చేవాళ్లలో కొందరిని ముందు ఏం రాసేవారని అడిగితే తెల్లబడే క్రీమ్ అని ఒక ట్యూబు చూపిస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాసి ఆపేసరికి ముఖం ఎర్రబడి, పల్చబడి, మండుతుంది. వాళ్లకి రోజ్‌హిప్ కాదు, జొజోబా కాదు, ఏదీ అమ్మను. డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. అలాంటి ట్యూబు వాడినవాళ్లు ఈ చర్చ చదువుతుంటే నూనెల జోలికి పోకండి.

తరుణ్_బుల్లెట్
నాకు గడ్డం ఉంది, దానికి జొజోబా రాస్తున్నా, సూపర్. కానీ రాత్రి మొటిమలకి అడపలీన్ జెల్ రాస్తున్నా, దాంతో చర్మం పొట్టు లేస్తోంది. ఆ పొట్టు మీద కూడా జొజోబా రాయొచ్చా?

జీడిమెట్ల_ల్యాబ్
గడ్డం వెంట్రుకలకి రాయడం వేరు, మొటిమలున్న చెంపలకి రాయడం వేరు. అడపలీన్‌తో వచ్చే పొట్టు మందు వల్ల వచ్చేది. దానికి ముందు చేయాల్సింది జెల్ తగ్గించడం, బఠాణీ గింజంత మొత్తం, రోజు విడిచి రోజు, పైన మామూలు వాసన లేని మాయిశ్చరైజర్. రాసిన డాక్టర్ని ఒకసారి అడుగు.

స్రవంతి గారికి బాకీ ఉన్న మూడో మాట. బుగ్గలు పైకి నున్నగా, లోపల బిగుతుగా ఉన్నాయన్నారు. నూనెలో నీళ్లుండవు. అది ఉన్న తేమ ఆవిరైపోకుండా కొంత ఆపుతుంది, అంతే. ఆ పనిలో కూడా ఈ మొక్కల నూనెలు పెట్రోలియం జెల్లీ దరిదాపుల్లోకి రావు. మీరు ముఖం పూర్తిగా తుడిచి, ఏసీ గాలికి ఆరిపోయిన చర్మం మీద నూనె రాస్తున్నారు. ఎండిన కుండకి మూత పెట్టినట్టు. తడి ఉండగానే గ్లిసరిన్ ఉన్న మాయిశ్చరైజర్ రాసి, అది కాస్త ఇంకాక, అవసరమైతే రెండు చుక్కలు అరచేతిలో రుద్ది అద్దాలి, బుగ్గలకే. పొద్దున సన్‌స్క్రీన్ కింద నూనె వద్దు, అది సన్‌స్క్రీన్ సరిగ్గా పరుచుకోనివ్వదు. బోరు నీళ్లని మార్చలేరు కానీ సబ్బు మార్చవచ్చు. గట్టి నీళ్లలో మామూలు సబ్బు చర్మం మీద పేరుకుంటుంది. సబ్బు లేని క్లెన్సర్ రోజుకి ఒక్కసారి చాలు.

కానీ ఇదంతా తర్వాత. ముందు డాక్టర్.

స్రవంతి_కూకట్‌పల్లి
*(ఐదు వారాల తర్వాత)*
క్షమించాలి, చాలా ఆలస్యంగా వస్తున్నా. డాక్టర్ గారు నుదుటి నుంచి కొంచెం గీరి మైక్రోస్కోపు కింద చూశారు. ఫంగస్ పొక్కులే అన్నారు. ముక్కు పక్కది సెబోరిక్ డెర్మటైటిస్. కీటోకొనజోల్ షాంపూ తలకి, క్రీమ్ ముఖానికి ఇచ్చారు. నూనె ఆపిన పది రోజులకే దురద పోయింది, మూడో వారానికి నుదురు నున్నబడింది. ముక్కు పక్కన కూడా చాలా తగ్గింది. ఇది పూర్తిగా పోయేది కాదని, చలికాలం మళ్లీ రావచ్చని చెప్పారు.

బుగ్గలు మాత్రం నిజంగానే డ్రై అన్నారు. గ్లిసరిన్ మాయిశ్చరైజర్ తడి ముఖం మీద రాస్తే సగం బిగుతు పోయింది. మిగతా సగానికి జొజోబా ప్రయత్నించాలని ఉంది. అడిగితే డాక్టర్ గారు "నుదురు, ముక్కు దగ్గరికి రానివ్వకు, బుగ్గకైతే నీ ఇష్టం" అన్నారు. ఎలా మొదలుపెట్టాలి?

జీడిమెట్ల_ల్యాబ్
ముందు మోచేతి లోపలి వైపు చిన్న చోట రెండు రోజులు. అలర్జీ ఉంటే అక్కడే ఎర్రబడుతుంది. కానీ దాంతో రంధ్రాల సంగతి తెలియదు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. రంధ్రం మూసుకుని వైట్‌హెడ్‌గా పైకి కనపడటానికి వారాలు పడుతుంది. అందుకని ఎడమ బుగ్గకి మాత్రమే, రాత్రి రెండు చుక్కలు, నాలుగు వారాలు. కుడి బుగ్గకి మాయిశ్చరైజర్ ఒక్కటే. ఆ నెలలో ఇంకే కొత్త వస్తువూ మొదలుపెట్టకండి. వారానికోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే టైముకి ఫోటో తీయండి. సీసా మీద పదార్థాల వరుసలో జొజోబా అసలు పేరు, సిమండ్సియా చైనెన్సిస్ సీడ్ ఆయిల్, అదొక్కటే ఉండాలి. సెంటు ఉంటే వదిలేయండి.

నంబర్ల_నాగు
ఒక ప్రశ్న. జొజోబా మైనం కాబట్టి మలాసీజియాకి తిండి కాదు అని ఒక గ్రూపులో గట్టిగా చెబుతున్నారు. అయితే నుదుటికి కూడా రాయొచ్చుగా?

జీడిమెట్ల_ల్యాబ్
ఆ వాదన నేనూ విన్నాను, ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలట్లేదు. ఆ మైనంలో కూడా కొవ్వు ఆమ్లాలే కట్టుబడి ఉన్నాయి, ఫంగస్ దగ్గర వాటిని విడగొట్టే ఎంజైములు ఉంటాయి. మామూలు నూనె కంటే జొజోబా విడగొట్టడం దానికి కష్టం కావచ్చు. కష్టం అంటే కుదరదని కాదు. ఒకసారి ఈ బాధ పడినవాళ్లు నుదుటి మీద ప్రయోగం చేయడం నాకైతే నచ్చదు.

ఫైజా_మెడికల్స్
మా అక్కకి ఇదే సమస్య, జొజోబా నుదుటికే రాస్తుంది, ఏమీ కాలేదు. ఒక్కరి మాటే అనుకోండి.

స్రవంతి_కూకట్‌పల్లి
*(మరో నాలుగు వారాలకి)*
ఫోటోలు పెట్టి చూసుకున్నా. ఎడమ బుగ్గ పొద్దున లేచేసరికి మెత్తగా ఉంటోంది, వైట్‌హెడ్స్ లేవు. కుడి బుగ్గ కొంచెం గరుకు. తేడా ఉంది కానీ నాకు తప్ప ఎవరికీ కనపడదు, మా ఆయన్ని అడిగితే ఏ బుగ్గ ఏదో కూడా చెప్పలేకపోయాడు. మూడో వారంలో ఎడమ ముక్కు మడతలో మళ్లీ పసుపు పొట్టు వచ్చింది. నూనె చేయి జారి అటు వెళ్లిందా, లేక సంక్రాంతికి ఊరెళ్లి షాంపూ మర్చిపోయినందుకా, తెలియట్లేదు. జొజోబా బుగ్గ మీద బయటి వైపుకే పరిమితం చేశా. రోజ్‌హిప్ సీసా పారేశా.

పద్మ_తార్నాక
పారేశావా! మడమలకి రాసుకోవాల్సింది.

జీడిమెట్ల_ల్యాబ్
రంగు వాసన వచ్చాక మడమలకి కూడా వద్దు పిన్నిగారూ.

తరుణ్_బుల్లెట్
భయ్యా, డాక్టర్ అడపలీన్ రోజు విడిచి రోజు చేయమన్నారు. గడ్డం కింద చర్మానికి జొజోబా తగులుతుంది కదా, అది ఓకేనా అని అడగడం మర్చిపోయా.